వెల్-నోన్ రైటర్: హైఫన్ ఎప్పుడు?

ఇంగ్లిషులో ‘ఎ వెల్-నోన్ రైటర్’ అన్నప్పుడు హైఫన్ పెడుతున్నారు, ‘ఎ రైటర్ హూ ఈజ్ వెల్ నోన్’ అన్నప్పుడు పెట్టడం లేదు. ఎందుకండీ?

నామవాచకానికి ముందు నిలిచిన ఆ రెండు మాటలూ కలిసి ఒకే విశేషణమని చూపడానికే హైఫన్ పెడతారు. అవే మాటలు క్రియ తర్వాతికి జరిగితే, విడదీసి చదివే ప్రమాదం ఉండదు కనుక, సాధారణంగా అక్కర లేదు. మా నెల్లూరులో ఒక వ్యాపారి బోర్డు మీద ‘స్మాల్ ప్రాన్ ట్రేడర్’ అని రాయించాడనుకోండి, చిన్నవి రొయ్యలా, చిన్నది ఆయన వ్యాపారమా? ‘స్మాల్-ప్రాన్ ట్రేడర్’ అంటే చిన్నవి రొయ్యలేనని తేలిపోతుంది (ఆయన గౌరవమూ దక్కుతుంది). అయితే న్యూలీ, హైలీ వంటి క్రియావిశేషణాలు తర్వాతి మాటకే చెందుతాయని వాటి చివరి ‘లీ’యే చెబుతుంది కాబట్టి, కొత్తగా తవ్విన చెరువును ‘న్యూలీ డగ్ పాండ్’ అని హైఫన్ లేకుండానే రాయాలి.