ఈ రోజు పెట్టిన గుడ్డు పెంకు ఎందుకు ఊడదు?

"పెరట్లో కోళ్లు పొద్దున పెట్టిన గుడ్లు మధ్యాహ్నం పులుసుకి ఉడకబెడితే పెంకుతోపాటు తెల్లసొన సగం ఊడొస్తోంది. కొట్టు గుడ్లు శుభ్రంగా వస్తున్నాయి. నా తప్పేంటి?"

తప్పు మీది కాదక్కా, గుడ్డు మరీ తాజాది. పెట్టిన రోజున తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, క్షారగుణం తక్కువ. అలాంటి సొన ఉడికేటప్పుడు పెంకు లోపలి పొరను గట్టిగా పట్టేసుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ వాయువు పెంకు రంధ్రాల్లోంచి పోతుంది, క్షారగుణం పెరుగుతుంది, పట్టు సడలుతుంది. కొట్టుకి చేరేసరికే గుడ్డుకి కొన్ని రోజులు నిండుతాయి. తేడా అంతే.

మా పర్లాకిమిడిలో పెరటి గుడ్లను వారం ఆపి వండుతాం. నీళ్లలో వేస్తే వెడల్పు కొన పైకి లేస్తోందంటే ఉడకబెట్టి ఒలవడానికి సిద్ధమన్నమాట. పూర్తిగా తేలితే మాత్రం పారేయండి.

ఈ రోజువే వండాలా? చన్నీళ్లలో పెట్టి కాచొద్దు, మెల్లగా వేడెక్కితే సొన పొరకు ఇంకా అంటుకుంటుంది. నీళ్లు తెర్లాక గరిటెతో ఒక్కొక్కటే దించండి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వేస్తే పగులుతాయి. నాటు గుడ్డు చిన్నది, పది నిమిషాలు చాలు. తర్వాత బాగా చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచి, గాలి గది ఉండే వెడల్పు కొన చితక్కొట్టి, నీళ్లలోనే ఒలవండి. పెంకు కింది పొర వేలికి దొరకాలి, అది వస్తే మిగతాది దానితోనే వస్తుంది. అయినా ఆరింట్లో ఒకటి మొండికేస్తుంది, దాన్ని పొరటులోకి తోసేయండి.