డెడ్ స్టాక్ లిస్టు తీయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

"సార్, మాది కావలి. బీకాం కంప్యూటర్స్ అయిపోయాక నెల్లూరులో ట్రాక్టర్, లారీ స్పేర్ పార్ట్స్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్‌లో చేరాను. మార్చి లోపు డెడ్ స్టాక్ లిస్టు తీసి, ఎంత ప్రొవిజన్ పెట్టాలో, సరుకు ఎలా వదిలించుకోవాలో చెప్పమన్నారు మా ఓనరు. ట్యాలీలో ఏజింగ్ రిపోర్టు తీసిస్తే సరిపోతుందా? ఈ పని వస్తే ముందు ముందు ఉద్యోగానికి పనికొస్తుందా?"

ఏజింగ్ రిపోర్టు ఒక్కటే ఇస్తే సరిపోదు. సరుకు లోపలికి వచ్చిన తేదీని బట్టి అది వయసు కడుతుంది. మీకు కావాల్సింది ఆ పార్టు ఏడాదికి ఎన్ని పోతోంది, చివరిసారి నిజంగా ఎప్పుడు అమ్ముడైంది అన్నది. 'నిజంగా' అనడానికి కారణం ఉంది. మార్చి టార్గెట్ కోసం సేల్స్‌మన్ రిటైల్ షాపుకి తోసిన పాత సరుకు ఏప్రిల్లో సేల్స్ రిటర్న్‌గా వెనక్కి వస్తుంది. పుస్తకాల్లో అమ్మినట్టు ఒక తేదీ, వచ్చినట్టు మరో తేదీ పడతాయి. పార్టు మాత్రం అదే ర్యాక్‌లో ఉంటుంది. అందుకే ప్రతి పార్టు నంబరుకీ అమ్మకాల్లోంచి రిటర్న్‌లు తీసేసిన నికర సంఖ్యే తీసుకోండి.

ఆ సంఖ్య 24 నెలలకి తీయండి. ఆరు నెలలు చూస్తే మన జిల్లాలో లెక్క తప్పుతుంది. నెల్లూరులో పెద్ద వరి పంట కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో. హార్వెస్టర్ బెల్టులు, కటర్ బ్లేడ్లు అప్పుడే పోతాయి. అక్టోబర్లో లిస్టు తీస్తే అవన్నీ డెడ్ కింద కనిపిస్తాయి. ఒక ఏడాది వానల్లేక సాగు తగ్గినా అంతే. రెండు సీజన్లు కలిసేలా చూస్తే ఈ పొరపాటు రాదు.

ఇప్పుడు చాలామంది కంటికి ఆనని సరుకు గురించి. ఒక పాత మోడల్ ట్రాక్టర్ క్లచ్ ప్లేట్ ఉందనుకుందాం. స్టాకు 40, జీఎస్టీ కాకుండా కొన్న ధర 1,800 రూపాయలు. 24 నెలల్లో నికరంగా పోయినవి 6. మొన్ననే ఒకటి పోయింది కాబట్టి తేదీ చూస్తే ఇది బతికున్న సరుకే. కానీ ఏడాదికి మూడు చొప్పున పోతే 40 అమ్మడానికి పదమూడేళ్లు పైనే పడుతుంది. రెండేళ్లకి సరిపడా 6 ఉంచుకుంటే మిగతా 34 డెడ్ స్టాకే. ఆ 34లో ఇరుక్కున్న డబ్బు 61,200 రూపాయలు. ఎక్సెల్‌లో B కాలమ్‌లో స్టాకు, C కాలమ్‌లో 24 నెలల నికర అమ్మకం పెట్టుకుంటే మిగులు ఇలా వస్తుంది:

```
=MAX(0,B2-C2)
```

ఒక మినహాయింపు ఉంది. క్రౌన్ వీల్ సెట్ లాంటివి ఏడాదికి ఒకటో, అరో పోతాయి. కానీ బండి ఆగిపోయినవాడు అవి దొరికే షాపు కోసమే వెతుక్కుంటూ వస్తాడు. అవి ఒక్కొక్కటి ఉంచాలా వద్దా అన్నది కౌంటర్లో ఉండే సీనియర్‌ని అడిగి నిర్ణయించండి, ఫార్ములాకి వదిలేయొద్దు.

మిగులు తేలాక ప్రతి లైనుకీ 'ఎందుకు ఆగింది' అన్న కాలమ్ నింపాలి. ఈ కాలమ్ లేని లిస్టుతో ఓనరు ఏమీ చేయలేరు. క్లచ్ ప్లేట్ ఆగింది ఆర్డరు ఎక్కువ పెట్టడం వల్ల. అలాంటిది ఇంకా అమ్ముడవుతుంది, ముందు కొత్త ఆర్డరు ఆపితే చాలు. కంపెనీ పార్టు నంబరు మార్చి ఉంటే సంగతి వేరు. కొత్త నంబరు పార్టు పాత బండికి కూడా పట్టి, పాత పార్టు కొత్త బండికి పట్టకపోతే, మీ దగ్గరున్నదానికి గిరాకీ ఏటేటా తగ్గడమే గానీ పెరగదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 బండ్లే అమ్మాలన్నాక బీఎస్ 4 లారీలకే సరిపడే ఫ్యూయల్, ఎగ్జాస్ట్ పార్టులది ఇదే పరిస్థితి. ఆ బండ్లు రోడ్డు మీద ఉన్నన్నాళ్లే వాటికి గిరాకీ.

మూడోది చెడిపోయిన సరుకు. దీనికి గోడౌన్‌లోకి వెళ్లాల్సిందే. రేకుల షెడ్డు ఎండకి ఆయిల్ సీళ్లు, హోసులు, బెల్టులు గట్టిపడతాయి. హోసు వంచి చూడండి, సన్నటి పగుళ్లు తేలితే అది అమ్మే సరుకు కాదు. బేరింగ్ ప్యాకెట్ చిరిగి ఉంటే సముద్రపు గాలికి లోపల తుప్పు పట్టి ఉంటుంది, చేత్తో తిప్పితే గరుకుగా తగులుతుంది. ఇలాంటివి తక్కువ ధరకైనా అమ్మొద్దు. బండి మళ్లీ ఆగితే మెకానిక్ ఇక మీ షాపు పేరు చెప్పడు.

ఇక ప్రొవిజన్. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 ప్రకారం స్టాకుని కొన్న ధర, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే ధర, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దానికి విలువ కట్టాలి. 'ఏడాది దాటితే 25 శాతం, రెండేళ్లు దాటితే 50 శాతం' అని గంపగుత్తగా పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. చిల్లర సరుకుకి మొదటి అంచనాగా పర్వాలేదు గానీ, పెద్ద విలువ ఉన్నవాటికి ఒక్కో పార్టుకీ లెక్క ఉండాలి. మన 34 క్లచ్ ప్లేట్లని ఒంగోలు హోల్‌సేల్ వ్యాపారి ఒకేసారి తీసుకుంటానంటే ముక్కకి 1,200 ఇస్తాడనుకోండి. ప్యాకింగ్, లారీ పార్సిల్ కలిపి ముక్కకి వంద పోతే చేతికొచ్చేది 1,100. ముక్కకి నష్టం 700, మొత్తం ప్రొవిజన్ 23,800 రూపాయలు. ఆ వ్యాపారి రేటు చెప్పిన వాట్సాప్ మెసేజ్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి, ఆడిటర్ మొదట అడిగేది అదే.

ప్రొవిజన్ పెట్టినంత మాత్రాన జీఎస్టీ క్రెడిట్ వెనక్కి కట్టనక్కర్లేదు. నష్టానికి అమ్మినా, బిల్లు వేసి అమ్మారు కాబట్టి క్రెడిట్ ఉంటుంది. సరుకుని పుస్తకాల్లోంచి రైటాఫ్ చేసినా, ధ్వంసం చేసినా మాత్రం సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(h) ప్రకారం తీసుకున్న క్రెడిట్ వెనక్కివ్వాలి. 2025 సెప్టెంబర్ 22కి ముందు 28 శాతంతో కొన్న పార్టులైతే 50,000 సరుకు రైటాఫ్‌కి మరో 14,000 తోడవుతుంది. కాబట్టి రైటాఫ్ చివరి దారి, అదీ ఆడిటర్‌తో మాట్లాడాకే.

వదిలించుకోవడం మొదట కంపెనీ దగ్గర మొదలుపెట్టండి. నంబరు మారిన పార్టుల్ని కొన్ని కంపెనీలు గడువులోపు వెనక్కి తీసుకుంటాయి, పెట్టె, లేబుల్ చెదరకుండా ఉండాలి. కొన్న ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాటితే, కంపెనీ తన క్రెడిట్ నోట్‌లో జీఎస్టీ తగ్గించుకోలేదు. అప్పుడు మీరే అమ్మకం బిల్లు వేసి పంపాల్సి రావచ్చు.

కంపెనీ తీసుకోనిది మోడల్ వారీగా విడగొట్టి, ఆ మోడల్ బండ్లు ఎక్కడ ఎక్కువ తిరుగుతున్నాయో అక్కడికి పంపండి. పాత టిప్పర్ల పార్టులు నెల్లూరులో ఆగినా చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు మెకానిక్‌లకి అవసరం పడొచ్చు. షాపులకి కలిపి లిస్టు ఇస్తే ఎవరూ చదవరు, ఒక మోడల్‌కి ఒక పేజీ చాలు. తగ్గించిన ధర మీద 'రిటర్న్ లేదు' అని బిల్లులోనే రాయించండి, లేకపోతే ఏప్రిల్లో అదంతా మళ్లీ మీ ర్యాక్‌కే వస్తుంది. బాగా పోయే ఫిల్టర్లకి డెడ్ స్టాక్ అంటగట్టి అమ్మడం నేను వద్దంటాను. రిటైలర్ ఫిల్టర్లు కూడా వేరేచోట కొనడం మొదలుపెడతాడు.

మీ రెండో ప్రశ్నకి జవాబు: పనికొస్తుంది. వాహన డీలర్ల పార్ట్స్ విభాగాల్లో, ఆక్వా ఫీడ్ కంపెనీల స్టోర్స్‌లో, ఆడిట్ ఆఫీసుల్లో ఈ లెక్కే అడుగుతారు. ఎక్సెల్‌లో SUMIFS, XLOOKUP, పివట్ టేబుల్ బాగా వచ్చేదాకా చేయండి. ఇంటర్వ్యూలో 'ట్యాలీ వచ్చు' అనేకంటే, మిగులు ఎంత తేల్చారో, అందులో ఎంత నగదుగా మారిందో చెప్పగలగాలి. షాపు పేరు, ధరలు బయటపెట్టకుండా శాతాల్లో చెప్పండి. దాని కోసం ఈ మార్చి లిస్టుని అలాగే దాచి, జూన్ ఆఖరున అవే పార్టు నంబర్లకి స్టాకు మళ్లీ తీసి పక్క కాలమ్‌లో వేయండి.