డాష్ గది గురించి స్రవంతికి

స్రవంతీ,

నువ్వు పంపిన నీ గేమ్ బిల్డ్ ఆడాను. ఫిషింగ్ హార్బర్ బాగా కుదిరింది, ఆ బోట్ల రంగులూ జెట్టీ గోడలూ చూడగానే మన వైజాగే అని తెలిసిపోతోంది. కానీ డాష్, అదే ఒక్కసారిగా ముందుకి దూసుకెళ్ళే విద్య, దొరికిన వెంటనే తెర నిండా ఆరు లైన్ల బోర్డు పెట్టావు చూడు, అది తీసెయ్. ఎవరూ చదవరు. టకటకా నొక్కేసి ముందుకెళ్ళి, బోట్ల మధ్య ఖాళీ దగ్గర ఆగిపోయి "ఇప్పుడేం చెయ్యాలి?" అంటారు. బోర్డు చెప్పేదంతా ఆ ఖాళీ చేతే చెప్పించొచ్చు.

ముందు కొలతలు చూసుకో. నీ గేమ్‌లో కుర్రాడు పరిగెత్తి దూకితే 4 టైళ్ల, అంటే నాలుగు గడుల, ఖాళీ దాటతాడు, ఎత్తుకి 3 టైళ్లు ఎగరగలడు. గాల్లో అడ్డంగా డాష్ కొడితే ఇంకో 3 కలుస్తాయి, అంటే మొత్తం 7. నువ్వు పెట్టిన ఖాళీ 5. చిక్కంతా అక్కడే. మామూలుగా దూకినవాడు అంచు దాకా వచ్చి, తగిలీ తగలనట్టు పడిపోతాడు. దాంతో "కొంచెం చివరి నుంచి దూకాల్సింది" అనుకుంటాడు తప్ప, వేరే విద్య ఏదో వాడాలని వాడి బుర్రకి తట్టదు. పదిసార్లు అదే దూకుడు దూకి, నీ గేమ్ కంట్రోల్స్ బాలేవని తిట్టుకుంటాడు. ఆ ఖాళీ 6 చెయ్. దూకితే అందదని చూడగానే తెలియాలి, డాష్ కొడితే మాత్రం ఒక టైలు మిగులుతూ హాయిగా అందాలి. మొదటి గదిలోనే 7 పెట్టి సరిగ్గా అంచు మీద దిగమనకు, అది పరీక్ష, పాఠం కాదు. అవతలి జెట్టీ అంచు దూకకముందే తెర మీద కనిపించాలి కూడా. కెమెరా దాన్ని చూపించకపోతే, అక్కడ దిగొచ్చని ఆడేవాడికి ఎలా తెలుస్తుంది?

ఇక పడితే ఏమవ్వాలి అన్నది. మొదటిసారి కింద నీళ్లు వద్దు, ఇసుక పెట్టు. చావు లేకపోతే జనం ధైర్యంగా అన్ని బటన్లూ నొక్కి చూస్తారు, మనకి కావలసిందీ అదే. ఇసుక లోతు 3 కంటే ఎక్కువ ఉండాలి, 4 అనుకో, లేకపోతే కిందకి దిగి అవతలి గట్టు మీదకి ఒక్క గెంతులో ఎక్కేస్తారు, డాష్ అవసరమే రాదు. వెనక్కి రావడానికి మెట్లు కట్టకు. మెట్లు ఖాళీలోకి పొడుచుకొస్తాయి, వాటి మీద నుంచి దూకితే 6 కాస్తా 4 అయిపోతుంది. ఇవతలి గోడకి నిలువుగా ఒక తాడు నిచ్చెన వేలాడదీయి, జెట్టీకి అందంగానూ ఉంటుంది. డాష్ తీసుకున్న చోటుకి వెళ్ళే దారి కూడా 4 టైళ్ల దిగుడు చెయ్, అప్పుడు తిరిగి వెనక్కి పోలేరు, ఎదురుగా ఉన్న ఖాళీయే దిక్కు.

గది అయ్యాక కోడ్‌లో డాష్ ఆపేసి, నువ్వే మొండిగా దాటడానికి ప్రయత్నించు. ఏ మూల నుంచైనా దాటగలిగావంటే ఆ గది ఏమీ నేర్పడం లేదన్నమాట.

పొరపాటున చేయి తగిలి డాష్ పడి దాటేసినవాళ్లు కొందరుంటారు, వాళ్లకి ఏం జరిగిందో తెలియదు. అందుకే వెంటనే అదే 6 టైళ్ల ఖాళీ మళ్ళీ పెట్టు, ఈసారి కింద నీళ్లతో. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ చివర్లో చూడు: రెండు మెట్ల దిబ్బల మధ్య ముందు మామూలు నేలే ఉంటుంది, ఆ తర్వాత అలాంటి దిబ్బల మధ్యే గొయ్యి వస్తుంది. ఆకారం అదే, పడితే నష్టం మాత్రం మారింది. మూడో గదిలో నువ్వు ముందే నేర్పిన కదిలే బోటుతో డాష్ కలుపు, అంతకంటే ముందు కలపకు.

అయితే ఏ బటన్ నొక్కాలో మాత్రం గది చెప్పలేదు, ఎంత తంటాలు పడ్డా చెప్పలేదు. ఫోన్ గేమే కాబట్టి డాష్ బటన్‌ని మొదటి నుంచీ చూపించకు. అది దొరికిన క్షణంలోనే తెర మీదకి రానీ, ఒకసారి నొక్కేదాకా మెల్లగా మెరవనీ. అక్షరం అక్కర్లేదు, బాణం బొమ్మ చాలు.

తర్వాత ఎంవీపీ కాలనీలో మీ కింది వాటా పిల్లల్ని కూర్చోబెట్టి ఆడించు, నువ్వు నోరు విప్పకు. నీకది కష్టమే, నాకు తెలుసు! మొహాలు కాదు, వేళ్లు చూడు. ఖాళీ దగ్గర ఆగి బటన్ వైపు చూశారంటే గది పనిచేస్తోంది. ఆగకుండా మళ్ళీ మళ్ళీ దూకుతున్నారంటే ఖాళీ ఇంకా దగ్గరగా కనిపిస్తోందని అర్థం, అవతలి గట్టుని ఒక అర టైలు వెనక్కి జరుపు. అంతకు మించి జరిపితే డాష్‌కీ బొటాబొటీ అయిపోతుంది.

వాళ్లు ఆడేటప్పుడు స్క్రీన్ రికార్డింగ్ తీసి పంపు, ఆదివారం చూస్తాను.

మావయ్య