మామయ్యతో జామీను సంతకం పెట్టించే ముందు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మహబూబ్‌నగర్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చింది, జీతం 19,000. అక్కడ ఒక ఇల్లు చూసుకున్నాను. అద్దె 7,000, అడ్వాన్సు రెండు నెలలది. జీతమో పింఛనో వచ్చేవాళ్ళు ఎవరైనా జామీను ఉండాలని యజమాని పట్టుబడుతున్నారు. నల్లగొండలో మా మేనమామ ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులుగా రిటైరయ్యారు. ఆయనను అడగాలంటే మొహమాటంగా ఉంది. ‘ఊరికే సాక్షి సంతకం అని చెప్పి పెట్టించు’ అని స్నేహితుడు అంటున్నాడు. జామీను ఉంటే మామయ్యకు ఏమైనా ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ స్నేహితుడి మాట మాత్రం వినకండి. సాక్షి సంతకానికి అర్థం, మీరూ యజమానీ సంతకాలు చేస్తుండగా చూశానని చెప్పడమే. జామీనుదారు సంతకానికి అర్థం, మీరు కట్టకపోతే నేను కడతానని మాట ఇవ్వడం. రెండూ ఒకే కాగితం చివర పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చాలామంది ఒకటే అనుకుంటారు. యజమానే అబద్ధం చెప్పినా, మీరు చెప్పిన అబద్ధం యజమానికి తెలిసి దానికి ఒప్పుకున్నా ఆ జామీను చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 142వ సెక్షన్ చెబుతోంది. యజమానికి తెలియకుండా మీరొక్కరే మామయ్యను నమ్మించారనుకోండి, ఆ సెక్షన్ ఆయనకు అక్కరకు రాదు. మీరు ఆడిన అబద్ధానికి డబ్బు కట్టేది ఆయన.

ఇక ఆయన మీద పడే భారం. అదే చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, మీ బాధ్యత ఎంతో జామీనుదారుదీ అంతే. యజమాని ముందు మీ మీద దావా వేసి, మీ దగ్గర రాకపోతేనే ఆయన దగ్గరికి వెళ్ళాలన్న నియమం లేదు. నేరుగా నల్లగొండకే నోటీసు పంపవచ్చు. ఉదాహరణకు, ఉద్యోగం పోయి మూడు నెలలు అద్దె ఆగింది, కరెంటు బిల్లు 2,300 మిగిలింది. మొత్తం 23,300. అడ్వాన్సు 14,000 ముందుగా మినహాయించాలని రాసి ఉంటే మామయ్య మీద పడేది 9,300. ఆ ఒక్క వాక్యం లేకపోతే అడ్వాన్సు మరమ్మతులకు సరిపోయిందని చెప్పి మొత్తం ఆయననే అడగవచ్చు. న్యాయంగా కట్టవలసింది ఏదైనా ఆయన కడితే, దాన్ని మీ నుంచి రాబట్టుకునే హక్కు 145వ సెక్షన్ ఆయనకు ఇస్తుంది. కానీ మేనల్లుడి మీద కేసు వేసే మేనమామను నేనైతే ఇంతవరకు చూడలేదు. ఆ డబ్బు పోయినట్టే అనుకుంటారు, రాకపోకలు ఆగిపోతాయి.

‘నా పింఛను జప్తు చేస్తారా?’ అని ఆయన అడగవచ్చు. ప్రభుత్వ పింఛనును కోర్టు జప్తు చేయడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. ఇతర ఆస్తులకు మాత్రం ఆ రక్షణ ఉందనుకోకండి.

అసలు చిక్కు పదకొండు నెలల తర్వాత మొదలవుతుంది. అద్దె ఒప్పందాన్ని చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. గడువు తీరాక అద్దె 7,500 చేసి, కొత్త కాగితం లేకుండానే అందులో ఉండిపోతారు. జామీనుదారు ఒప్పుకోకుండా షరతులు మారిస్తే, ఆ తర్వాతి బాకీలకు ఆయన బాధ్యత ఉండదని 133వ సెక్షన్ అంటుంది. అయితే టైపు చేసేవాళ్ళ దగ్గర దొరికే నమూనాల్లో కొన్నిసార్లు ‘ఇల్లు ఖాళీ చేసేవరకు, అద్దె పెరిగినా సరే’ అని ఉంటుంది. దాని కింద సంతకం పెడితే ముందే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ ముక్క కొట్టించి ఇలా రాయించండి: ‘ఈ జామీను 11 నెలల కాలానికి మాత్రమే. అడ్వాన్సు మినహాయించాక మిగిలిన బాకీకి, 21,000 రూపాయలకు మించకుండా జామీనుదారు బాధ్యత వహిస్తారు. అద్దె ఆగిన పదిహేను రోజుల్లో ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయాలి.’ యజమానులు సాధారణంగా ఒప్పుకుంటారు, వాళ్ళకు కావలసింది వెనక ఒక పెద్దమనిషి ఉన్నాడన్న ధీమా. పదకొండు నెలలని రాసి ఇచ్చాక మధ్యలో తప్పుకోవచ్చని మాత్రం మామయ్యకు మాట ఇవ్వకండి.

అడగడానికి స్వయంగా వెళ్ళండి. పెళ్ళిలోనో పండుగనాడో పదిమంది ముందు అడగవద్దు, కాదనడానికి ఆయనకు దారి ఉండదు. మీ అమ్మగారి చేత ఫోను చేయించడమూ అలాంటిదే. ఒప్పందం చిత్తుప్రతి చేతిలో పెట్టి, ‘మామయ్యా, ఇది సాక్షి సంతకం కాదు, జామీను. ఎంత చెడ్డా మీ మీద పడేది ఇంత. నా జీతం ఇది, ఇంటికి పంపేది ఇంత. చదివి, రెండు రోజులు ఆగి చెప్పండి. వద్దంటే వేరే దారి చూసుకుంటాను’ అని చెప్పండి. వేరే దారి నిజంగానే ఉంది. మూడో నెల అడ్వాన్సు కడతానంటే జామీను అడగని యజమానులు ఉన్నారు.

ఆయన ఒప్పుకుంటే ప్రతి పేజీ మీదా సంతకం చేయమనండి. ఆధార్ నకలు మీద ‘ఈ అద్దె ఒప్పందం కోసం మాత్రమే’ అని రాసి తేదీ వేయాలి. ఖాళీ చెక్కు, రాయని స్టాంపు కాగితం మాత్రం ఎవరు అడిగినా ఇవ్వవద్దు. ఒప్పందం నకలు ఒకటి నల్లగొండ ఇంట్లో ఉండాలి. ఖాళీ చేసిన రోజు బాకీ ఏమీ లేదని యజమాని చేత రెండు వాక్యాలు రాయించి, సంతకం తీసుకుని, ఆ కాగితం మామయ్యకు పంపండి.