కిలో మామిడికాయ ముక్కలకి ఉప్పు, కారం, నూనె ఎంతెంత?

ప్రశ్న: "కిలో మామిడికాయలకి ఆవకాయ పెట్టాలంటే ఉప్పు, కారం, నూనె ఎంతెంత వేయాలండీ? గ్లాసు ఉప్పు, గ్లాసు కారం, గ్లాసు ఆవపిండి అంటే అలాగే వేశాను. పోయినేడాది నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా వచ్చింది."

జవాబు:

కిలో ముక్కలకి ఉప్పు 150 గ్రాములు, కారం 150, ఆవపిండి 150, నువ్వుల నూనె 450 మిల్లీలీటర్లు. మెంతులు రెండు చెంచాలు, పసుపు ఒక చెంచా. వెల్లుల్లి మీ ఇష్టం, మేం వంద గ్రాముల దాకా వేస్తాం. మా ఇంట్లో ఏటా పెట్టేది ఈ లెక్కతోనే. మళ్లీ కాయల కాలం దాకా నిలవ ఉంటుంది.

మీకు ఉప్పు ఎక్కువైంది గ్లాసు వల్లే. పావు లీటరు గ్లాసు నిండా కారం తూస్తే నూరు, నూట ఇరవై గ్రాములు తూగుతుంది. అదే గ్లాసుతో ప్యాకెట్ మెత్తటి ఉప్పు తూచి చూడండి, దానికి రెట్టింపు పైనే ఉంటుంది. మా అత్తగారూ గిన్నె కొలతే వాడేవారు. కానీ ఆవిడ వేసేది ఎండబెట్టి కచ్చాపచ్చాగా దంచిన కల్లుప్పు. అది గిన్నెలో గుల్లగా పడుతుంది. పైగా ఉప్పు గిన్నె ఎప్పుడూ తల కొట్టే కొలిచేవారు, కారం మాత్రం గోపురంగా పోసేవారు. ఆ చేతి వాటం రాయకుండా "మూడూ సమానం" అని మాత్రం రాసుకుంటే మెత్తటి ఉప్పుతో పచ్చడి చెడుతుంది. తూకం అయితే ఏ ఉప్పు వాడినా 150 అంటే 150 గ్రాములే.

ఇంకొక మాట. కిలో అంటే కాయలు కాదు, ముక్కలు. జీడి తీసి, లోపలి పల్చటి పొర గీకి, పొడిగుడ్డతో తుడిచాకే తూచండి. ఈసారి మేం 3 కిలోల కాయలు కొట్టిస్తే, జీడీ పొరా పోయి, టెంక నిలవని ముక్కలు పక్కన పెట్టేశాక 2 కిలోల 300 గ్రాములు మిగిలాయి. దాన్నే 150తో లెక్కేసి ఉప్పు, కారం, ఆవపిండి తలా 345 గ్రాములు తీసుకున్నాం. నూనె లీటరు పైన కాస్త పట్టింది. కాయలకి లెక్కేసి ఉంటే ఉప్పు 450 పడేది, అంటే వంద గ్రాములు ఎక్కువ.

మరి ఉప్పు అంత అవసరమా అంటే, అవసరమే. కాయలో ఎక్కువ భాగం నీరే. ఉప్పు ఆ నీటిని బయటికి లాగి తాను అందులో కరుగుతుంది, ఆ ఊటే ముక్కని కాపాడుతుంది. ఊటలో ఉప్పు తక్కువైతే ముక్క మెత్తబడుతుంది, పైన తెల్లటి బూజు కడుతుంది. తడి ముక్కలు కలిపినా అదే జరుగుతుంది, ఉప్పు ఎంత తూచి వేసినా సరే.

కారం విషయంలో తూకం తగ్గించకండి, రకం మార్చండి. ఆవకాయలో గుజ్జు కట్టేది కారం, ఆవపిండే. 150ని 75 చేస్తే ముక్కలు నూనెలో ఈదుతుంటాయి. గుంటూరు కారం ఘాటు ఎక్కువ అనిపిస్తే సగం అది, సగం ఘాటు తక్కువ రంగెక్కువ ఉండే బ్యాడిగి కారం కలపండి.

నూనె అంతా మొదటిరోజే పోయకండి. ముక్కల్ని నూనెలో ముంచి తీసి పిండిలో దొర్లించి, జాడీలో సర్దడానికి సగం నూనె చాలు. మూడోరోజు తిరగ కలిపేటప్పుడు మిగతాది పోయండి. ముక్కల మీద అంగుళం నూనె తేలాలి, తేలకపోతే ఇంకాస్త పోయండి. నూనె పని ముక్కకి గాలి తగలకుండా చూడడం. పైకి తేలిన ముక్క దగ్గరే ముందు బూజు మొదలవుతుంది.

ఆ మూడోరోజే ఊట కొంచెం నాలుక మీద వేసుకుని చూడండి. ఉప్పు నోటికి కాస్త ఎక్కువే తగలాలి, ముక్క ఇంకా పీల్చుకోవాలి కదా. అప్పుడే సరిపోయినట్టుంటే, నెల తిరిగేసరికి చప్పబడుతుంది, వెంటనే కిలోకి 10, 15 గ్రాములు కలపండి. మరీ ఎక్కువైతే నీళ్ల జోలికి పోవద్దు. నాలుగు పుల్లటి పచ్చి ముక్కలు, కొంచెం కారం, ఆవపిండి, నూనె కలపండి, వారంలో సర్దుకుంటుంది.

బీపీ ఉండి ఉప్పు తగ్గించాలనుకునేవాళ్లు కిలోకి 100 గ్రాములతో చిన్న సీసా విడిగా పెట్టుకుని, ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు నెలల్లో వాడేసుకోవచ్చు. జాడీలో బయట ఉంచే పచ్చడికి మాత్రం ఆ లెక్క పనికిరాదు.