సప్లయర్‌కు ‘కొన్నాళ్లు ఆగండి’ అని మర్యాదగా రాయడం ఎలా?

ప్రశ్న: తిరుపతిలో ఒక పచ్చళ్ల యూనిట్‌లో అకౌంటెంట్‌గా చేరి రెండు నెలలైంది సార్. సీసాలు సప్లై చేసే ఆయనకు ఈసారి డబ్బులు టైముకి ఇవ్వలేం. ‘మర్యాదగా ఒక లెటర్ రాసి పంపించమ్మా’ అన్నారు మా ఓనర్. ఎలా రాయాలి? నా మీదకు ఏమైనా వస్తుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చిత్తూరు దగ్గర నేను లెక్కలు చూసే ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో జరిగిన కథ చెబుతానమ్మా. అందులోనే మీకు కావలసిన లెటర్ కూడా ఉంది.

అక్కడ కొత్తగా చేరిన అకౌంటెంట్ బీకాం పూర్తి చేసి వచ్చిన కుర్రాడు. తోతాపురి సీజన్ కావడంతో ఫ్యాక్టరీ రాత్రీ పగలూ నడుస్తోంది. గుజ్జు డబ్బాలను ఆరేసి చొప్పున అట్టపెట్టెల్లో సర్దుతారు. ఆ పెట్టెలు ఇచ్చే ఆయనకు 3,42,000 రూపాయలు ఇవ్వాలి. విదేశీ బయ్యర్ దగ్గర నుంచి డబ్బు రాలేదు. కుర్రాడు నాలుగు ముక్కలు రాసి నాకు వాట్సాప్‌లో పెట్టాడు:

‘అనివార్య కారణాల వల్ల మీకు చెల్లింపు కొంత ఆలస్యమగుచున్నది. మీకు కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము. దయచేసి సహకరించగలరు.’

చదివి నవ్వొచ్చింది. ‘ఇది రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ కదయ్యా’ అన్నాను. ఆ స్టేషన్ వాళ్లయినా బండి ఎన్ని గంటలు లేటో చెబుతారు. ఇందులో ఏ బిల్లు, ఎంత డబ్బు, ఎప్పుడిస్తారు, ఏదీ లేదు. అవతలాయన కూడా అట్ట మిల్లుకు డబ్బు కట్టాలి. ఆయనకు కావలసింది చింతించడం కాదు, తేదీ.

‘తేదీ రాద్దాం సార్. పర్చేజ్ ఆర్డర్‌లో 60 రోజులని ఉంది, ఇంకా టైముంది’ అన్నాడు కుర్రాడు. బిల్లు తీసి పైభాగం చూడమన్నాను. అక్కడ UDYAM-AP అని మొదలయ్యే నంబర్ ఉంది. అది చిన్న, మధ్యతరహా సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబర్. సప్లయర్ నుంచి ఆ సర్టిఫికెట్ తెప్పించి చూస్తే సూక్ష్మ సంస్థ, తయారీదారు అని ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజుల్లోపు చెల్లించాలి. మనం కాగితం మీద 60 రాసుకున్నా, 90 రాసుకున్నా 45 దాటితే చెల్లదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. ఈ రోజులను బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టరు, సరుకు మన గేటు లోపలికి వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. పెట్టెలు మే 28న దిగాయి కాబట్టి జూలై 12కి గడువు అయిపోతుంది. అప్పటికి జూలై 4. కుర్రాడికి టెన్షన్ మొదలైంది.

ఈలోగా ఓనర్ ఒక ఐడియా ఇచ్చాడు. ‘పెట్టెల్లో అట్ట పలచగా ఉందని రాయి నాయనా, ఆ గొడవ తేలేలోపు నెల గడిచిపోతుంది.’ చాలామంది చేసే పనే ఇది. కానీ సరుకు మీద అభ్యంతరం ఉంటే అది అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ గడువు జూన్‌లోనే పోయింది. పైగా ఆ పెట్టెల్లోనే సరుకు సర్ది కంటైనర్ ఎక్కించేశాం. రేపు సప్లయర్ ఫిర్యాదుకు వెళితే ఆ అబద్ధపు లెటరే మన మెడకు చుట్టుకుంటుంది. కుర్రాడు అది రాయనన్నాడు. నాకు వాడి మీద గౌరవం పెరిగింది అక్కడే.

తర్వాత తేదీ ఎలా ఎంచుకోవాలో చూశాం. బయ్యర్ డబ్బు జూలై 18కి వస్తుందని బ్యాంకు మాట. కుర్రాడు 18 అనే రాయబోయాడు. ఇంకో ఎనిమిది రోజులు కలుపుకోమన్నాను. ఒకసారి ఆలస్యమైతే సప్లయర్ ఓర్చుకుంటాడు, మనమే రాసిచ్చిన తేదీ కూడా తప్పితే మళ్లీ లోడు పంపడు. సీజన్ మధ్యలో పెట్టెలు ఆగితే గుజ్జు డబ్బాలు గోడౌన్‌లో నేల మీదే పేర్చుకోవాలి. ఇంకో పని కూడా చేశాం. చేతిలో ఉన్నదాంట్లోంచి లక్షన్నర గడువులోపే ఇచ్చేలా ఓనర్‌ను ఒప్పించాం.

చివరికి వెళ్లిన లెటర్ ఇది:

‘మే 26 నాటి మీ బిల్లు నంబర్ 118 మొత్తం రూ. 3,42,000. సరుకు మే 28న అందింది. జూలై 12లోపు మీకు చెల్లించాలి. మాకు రావలసిన ఎగుమతి డబ్బు ఆలస్యం కావడం వల్ల మొత్తం ఆ రోజుకు ఇవ్వలేకపోతున్నాం, మన్నించండి. జూలై 11న రూ. 1,50,000 మీ ఖాతాలో వేస్తాం. మిగిలిన రూ. 1,92,000 జూలై 26న, ఆలస్యమైన 14 రోజుల వడ్డీతో కలిపి ఇస్తాం. ఈ ఏర్పాటు మీకు ఇబ్బందైతే మా ఓనర్‌కు నేరుగా ఫోన్ చేయండి.’

మన్నించండి అని ఒక్కసారే ఉంది, చూడండి. కారణం కూడా ఒక్క ముక్కే. ఏ బయ్యర్, ఏ దేశం, ఎంత ఆగిపోయింది అని రాస్తే సాయంత్రానికల్లా చిత్తూరులో పెట్టెల వాళ్లందరికీ తెలిసిపోతుంది. లెటర్ పంపే ముందు ఓనర్ స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు. ఈ వరస ముఖ్యం. ఫోన్ లేకుండా లెటర్ వస్తే అదేదో నోటీసులా కనిపిస్తుంది.

వడ్డీ అనగానే ఓనర్ ముఖం మాడ్చుకున్నాడు. చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు ఇవ్వాలి, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే 18 శాతం. 1,92,000 మీద 14 రోజులకు లెక్కేస్తే సుమారు 1,325 రూపాయలు. ‘ఇంతేనా!’ అన్నాడాయన. ఇంతే. కాకపోతే ఈ వడ్డీని ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపడానికి లేదు.

ఒక సంగతి మాత్రం మరచిపోవద్దు. లెటర్ ఎంత మర్యాదగా రాసినా, సప్లయర్ సరేనన్నా, 45 రోజుల గడువు పెరిగినట్టు కాదు. జూలైలో కాబట్టి వడ్డీతో పోయింది. ఇదే మార్చిలో జరిగి, గడువు దాటిన బాకీ మార్చి 31 నాటికి కట్టకుండా ఉండిపోతే, ఆ కొనుగోలు ఖర్చు ఆ ఏడాది లెక్కలోకి రాదు. డబ్బు కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. లాభం ఎక్కువగా కనబడి ఈ ఏడాది పన్ను పెరుగుతుంది.

ఇక మీ సంగతి. సీసాల ఆయన తయారీదారా, ఎక్కడో కొని అమ్మే వ్యాపారా అన్నది ముందు ఆయన ఉద్యమ్ సర్టిఫికెట్‌లో చూడండి. కొని అమ్మేవారికి ఈ 45 రోజుల రక్షణ మామూలుగా వర్తించదు, అప్పుడు మీ ఒప్పందంలో రాసుకున్న గడువే గడువు. మీడియం సంస్థ అయినా అంతే. సీసాలు ఏ రోజు దిగాయో మీ గేటు రిజిస్టర్‌లో ఉంటుంది. బాకీ యూనిట్‌ది, మీది కాదు. అందుకే లెటర్ మీరు టైప్ చేసినా సంతకం మాత్రం ఓనర్ చేతే పెట్టించండి, కాపీ ఒకటి బిల్లుతో పాటు ఫైల్లో ఉంచండి.

పెట్టెల ఆయన ఏమన్నాడంటారా? లెటర్ అందిన గంటకు కుర్రాడికి ఫోన్ చేశాడు. ‘26 అని రాసుకున్నానబ్బా. పొద్దున్నే లోడు పంపుతున్నా, దించుకోవడానికి మనుషుల్ని పెట్టుకో.’