క్విజ్ నడపబోతున్న సుధకు

చిరంజీవి సుధకు మామయ్య ఆశీస్సులు.

మీ కాలేజీ వార్షికోత్సవంలో సినిమాలు, సీరియళ్లలోని మాటల మీద క్విజ్ నువ్వే నడుపుతున్నావని అమ్మ ఫోనులో చెప్పింది. నలుగురిలో నోరు విప్పని పిల్లవి మైకు పట్టుకుంటున్నావంటే ఎంత గర్వంగా ఉందో! కానీ ప్రశ్నలన్నీ గుర్తున్నవాటితోనే రాసేశావట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

మైకు ముందే చూసుకో, ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసుకో. అవి నీకు తెలిసినవే. నా భయం వేరు.

మన ఊరికి వీడియో క్యాసెట్లు ఇంకా రాని రోజుల్లో నేనూ ఒక కాలేజీలో ఇలాంటి పోటీ నడిపాను. ‘షోలే’లో బందిపోటు గబ్బర్ "కిత్నే ఆద్మీ థే?" అని తన అనుచరుల్లో ఎవరిని అడిగాడన్నది నా ప్రశ్న. ఒక అమ్మాయి లేచి "కాలియాను" అంది. తప్పన్నాను. సాంబా అన్నది నా కాగితం మీది జవాబు. "సాంబాను అడిగింది బహుమానం గురించి సార్" అని ఆ అమ్మాయి మెల్లగా అంది. హాలంతా "అరే ఓ సాంబా, కిత్నే ఆద్మీ థే" అని అరిచి నవ్వింది. నేను ఆ నవ్వును ఆపలేదు. ఆమె తల వంచుకుని కూర్చుంది. మళ్లీ ఏ ప్రశ్నకూ చెయ్యెత్తలేదు.

కొన్నేళ్లకు క్యాసెట్ వేసుకుని చూశాను. ఉత్త చేతులతో తిరిగొచ్చిన ముగ్గురిని చూస్తూ గబ్బర్ ఆ ప్రశ్న అడుగుతాడు. ఇద్దరని కాలియా చెబుతాడు. "వాళ్లు ఇద్దరు, మీరు ముగ్గురు" అని తిట్టాకే గబ్బర్ బండమీద కూర్చున్న సాంబాను పిలిచి, తన తలకు సర్కారు ఎంత వెల కట్టిందో అడుగుతాడు. "పూరే పచాస్ హజార్" అంటాడు సాంబా. అంటే నా వాక్యంలోని రెండు ముక్కలూ సినిమాలో ఉన్నవే, వాటిని అతికించింది మాత్రం మనం.

ఎందుకు అతికించామో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మనసు భావాన్ని దాచుకుంటుంది కానీ మాటల వరుసను దాచుకోదు. పైగా "ఎంతమంది?" అన్న ప్రశ్న విడిగా చెబితే ఎవరికీ సినిమా తట్టదు, సాంబా పేరు తగిలిస్తే చాలు, వెంటనే తడుతుంది. ఆ రోజుల్లో మాటల రికార్డు పందిళ్లలో మోగేది. అందులో ముఖాలు కనబడవు కదా, ఎవరిని అడుగుతున్నాడో చెవికి ఎలా తెలుస్తుంది? సినిమా నేను చూసింది రెండుసార్లు, మిమిక్రీ విన్నది లెక్కలేనన్నిసార్లు. అమెరికా సీరియల్ ‘స్టార్ ట్రెక్’కూ ఇదే జరిగింది. "బీమ్ మీ అప్, స్కాటీ" అని లోకమంతా అంటుంది. 1966 నుంచి 1969 దాకా వచ్చిన ఆ సీరియల్లో అచ్చంగా ఆ వాక్యమే ఎక్కడా లేదు, దానికి దగ్గరి మాటలున్నాయి.

కాబట్టి సుధా, ప్రతి ప్రశ్నకూ అసలు సన్నివేశం వెతుకు. ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు కలిపి చూడు. చిన్న క్లిప్పుల్లో మధ్య మాటలు ఎగిరిపోయి ఉంటాయి. సబ్‌టైటిల్స్ కప్పేసి, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టాకే వాటితో పోల్చు. చదవడానికి వీలుగా వాటిని కుదిస్తారు. డబ్బింగ్‌లోనైతే పెదవుల కోసం మాటే మారుతుంది. "ఈ మాట అసలు లేనే లేదు" అని చెప్పాలంటే ఒక్క సన్నివేశం చాలదు. సబ్‌టైటిల్ ఫైలు మొత్తంలో ఆ పదం వెతికి, దొరికిన ప్రతిచోటా వినాలి. స్నేహితులను అడిగేటప్పుడు వాక్యం నువ్వు అందించకు, వాళ్లనే చెప్పనివ్వు.

ఇంకొకటి: ఏ ప్రతి చూశావో, దాని నిడివి ఎంతో రాసుకో. 1975లో విడుదలైన ‘షోలే’ చివర పోలీసులు వచ్చి ఠాకూర్‌ను ఆపుతారు. సెన్సార్ అభ్యంతరానికి ముందు తీసిన ముగింపులో గబ్బర్ ఠాకూర్ చేతిలోనే చస్తాడు, అదీ తర్వాత బయటికొచ్చింది. ఆ రెండు చూసినవాళ్లు వాదులాడుకుంటే ఇద్దరిదీ నిజమే. ముగింపు మీద ప్రశ్న పెట్టావా? ఉంటే తీసెయ్యి తల్లీ.

ఎవరైనా నీ జవాబు కాదంటే వెంటనే మార్కు వెయ్యకు. లాప్‌టాప్‌లో క్లిప్పులన్నీ వరుసగా సిద్ధంగా ఉంచుకుని, అక్కడే అందరికీ వినిపించు. ఆ అమ్మాయి పేరైనా నేను రాసుకోలేదు, క్షమాపణ చెప్పే దారి లేకపోయింది.

నీ ప్రశ్నలు శుక్రవారంలోగా పంపు. ఒక్కొక్కటీ ఇక్కడ నేనూ వింటాను. రాత్రుళ్లు మేలుకోకు, వేళకు తిను.

మీ మామయ్య